నల్లా నీళ్ళకు పగిలే కణాలు

నాకు కోపం తొందరగా వస్తుంది. ఇరవై రెండేళ్ళుగా నారాయణగూడలోని ఒక మహిళా కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతున్నాను కాబట్టి, ఆ కోపానికి అలవాటుపడ్డవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ముందుండేది మా ల్యాబ్ అటెండర్ కుమారస్వామి. నేను అరవడం మొదలుపెడితే చాయ్ తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోతాడు.

ఆ బుధవారం అరిచింది ప్రేమ మీద. ఎమ్మెస్సీ చివరి ఏడాది పిల్ల. అమ్మానాన్నా మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ఇక్కడ బిల్డింగు పనులు చేస్తారు, రాంనగర్‌లో కిరాయికి ఉంటారు. ప్రాజెక్టు కోసం ఆ అమ్మాయి చిక్కడపల్లి కిరాణాలో దొడ్డుప్పు కొని, నీళ్ళలో కలిపి, సూక్ష్మజీవులు పెరగడానికి బాగా ఉప్పు దట్టించిన అగార్ ప్లేట్ల మీద పోసింది. మూడు వారాలు ఏమీ మొలవలేదు. నాలుగో వారంలో దానిమ్మ గింజల రంగులో సన్నటి చుక్కలు లేచాయి. అంతవరకు నాకూ ముచ్చటగానే ఉంది.

తర్వాతే గొడవ. ఆ చుక్కల్లో ఉన్నవి ఆంపిసిల్లిన్‌కు చావలేదు, క్లోరాంఫెనికాల్‌కూ చావలేదు. ఇవేమిటో చూద్దామని రంగువేసి స్లైడు చేస్తే, ఎనిమిదిసార్లూ స్లైడు ఖాళీ.

"రెండు మందులకు లొంగని, పేరు తెల్వని బ్యాక్టీరియాను ల్యాబ్‌ల పెట్టుకోలేం ప్రేమా. ఆటోక్లేవ్‌లేసి చంపేస్తం. కొత్త ప్రాజెక్టు తీసుకో," అన్నాను.

"నాలుగు నెలల పని మేడం. ఇప్పుడు కొత్తది మొదలుపెడితే ఈ ఏడు పాసయ్యేదే లేదు."

"స్లైడు చెయ్యరాకపోతే నేనేం జెయ్యాలె?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పిల్ల మొహం మాడిపోయింది కానీ కదల్లేదు.

"నాకు చెయ్యరాక కాదు మేడం. శనివారం దాక ఆగుండ్రి. మూడు గంటల దాక. జర చూస్త అనుండ్రి చాలు."

చూస్తానన్నాను. ఎందుకన్నానో తెలియదు, బహుశా చాయ్ బాగుండి ఉంటుంది.

గురువారం పొద్దున నన్ను మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టింది. ఒక స్లైడు మీద మన మామూలు ఈ.కోలై బ్యాక్టీరియా, ఇంకో దాని మీద ఉప్పునీళ్ళలో తన ఎర్రవి. రెండూ నిక్షేపంగా కనబడుతున్నాయి. "ఇప్పుడు చూడుండ్రి," అని పైనున్న పల్చటి అద్దం అంచున, కుళాయి నుంచి పట్టిన నల్లా నీళ్ళు ఒక చుక్క వదిలింది. ఈ.కోలైకి ఏమీ కాలేదు. ఎర్రవి మాత్రం ఉబ్బి, గుండ్రంగా అయి, నా కళ్ళముందే ఒకదాని తర్వాత ఒకటి పగిలిపోయాయి.

స్లైడు చేసేటప్పుడు మొదట నీటి చుక్క వేసి అందులో కణాల్ని కలపాలి. ఇరవై రెండేళ్ళుగా నేను నేర్పిన పద్ధతే అది. ప్రేమ నా మాట తూచా తప్పకుండా పాటించి, ఎనిమిదిసార్లు ఆ కణాల్ని చంపింది.

"బ్యాక్టీరియా గోడల పెప్టిడోగ్లైకాన్ వల ఉంటది గద మేడం, గందుకే నీళ్ళకు తట్టుకుంటది. వీటికి ఆ వల లేదనిపిస్తది. గోడంటే ఒట్టి ప్రోటీన్ పొర. ఉప్పు ఉంటేనే అది నిలబడుతది. ఆంపిసిల్లిన్ ఆపేది ఆ వల అల్లేదాన్నే. అల్లేదే లేకపోతే మందు ఏం ఆపుతది?"

"మరి క్లోరాంఫెనికాల్?"

"అది బ్యాక్టీరియా రైబోజోమ్‌ల ఒక సందులకు పోయి ప్రోటీన్ తయారీని ఆపుతది. వీటి రైబోజోమ్ సైజు బ్యాక్టీరియా లెక్కనే ఉంటది గని, లోపలి భాగాలు మనయాటికి దగ్గర. మందుకు పట్టు దొరకదు. ఇవి ఆర్కియా మేడం."

ఆర్కియా, బ్యాక్టీరియా, మనలాంటి కేంద్రకమున్న జీవులు. జీవకోటిలోని ఈ మూడు వర్గాల తేడాలతో పట్టిక గీయించి ఐదు మార్కులకు అడిగేదాన్ని నేనే. ఏటా వంద పేపర్లు దిద్దేదాన్ని. తీరా ఆ పట్టికలోని జీవి నా బల్ల మీదికి వస్తే చంపమన్నాను. సిగ్గేసింది, కానీ ఒప్పుకోలేదు.

"అంత ఉప్పుల మందులు సరిగ పనిచెయ్యలేదేమో. ఈస్ట్ కూడా ఈ రెండు మందులకు చావదు, ఇది ఉప్పుకు ఓర్చే ఈస్టేమో. రుజువేంది?" అన్నాను.

"కొవ్వు చూస్త మేడం," అంది. చిక్కడపల్లి లైబ్రరీలో పోటీ పరీక్షల పిల్లల మధ్య సీటు సంపాదించి, ఆ మధ్యాహ్నమంతా చదివి రాసుకున్న నోట్సు సాయంత్రం నా ముందు పెట్టింది.

ఆలోచన చక్కనిది. ఏ కణం చుట్టూ అయినా ఒక కొవ్వు పొర ఉంటుంది. బ్యాక్టీరియా పొరలోనైనా ఈస్ట్ పొరలోనైనా మన పొరలోనైనా, కొవ్వు ఆమ్లాలు గ్లిసరాల్‌కు ఎస్టర్ బంధంతో అతుక్కుని ఉంటాయి. క్షారంలో వేస్తే ఆ బంధం తెగుతుంది. సబ్బు తయారయ్యేది అలాగే. ఆర్కియా పొరలో ఉండేవి కొవ్వు ఆమ్లాలు కావు, కొమ్మలున్న పొడుగాటి గొలుసులు. వాటిని పట్టుకున్నది ఈథర్ బంధం. క్షారం దాన్ని తెంచలేదు.

శుక్రవారమంతా ఈ.కోలై, ఈస్ట్, ఎర్రవి, మూడింటి కొవ్వునూ క్లోరోఫామ్, మిథనాల్‌తో తీసింది. సగం అలాగే ఉంచి, సగం క్షారంలో పెట్టింది. శనివారం సిలికా పూసిన పలక మీద ఆరు చుక్కలు పెట్టి, ద్రావకంలో నిలబెట్టింది. ద్రావకం పలక మీద పైకి పాకుతూ ఒక్కో రకం కొవ్వును ఒక్కో ఎత్తుకు మోసుకెళ్తుంది. నేను పక్కనే కూర్చుని పేపర్లు దిద్దుతున్నట్టు నటించాను. ఒక్క పేపరూ దిద్దలేదు.

రెండున్నరకు కుమారస్వామి తలుపు దగ్గరికొచ్చాడు. "మేడం, ఆటోక్లేవ్‌ల నీళ్ళు పోసిన. ప్లేట్లు పెట్టాల్నా?"

"ఆగు," అన్నాను, అవసరానికి మించి గట్టిగా. అతను చాయ్ కోసం వెళ్ళబోతే ఉండమన్నాను.

ప్రేమ పలక మీద ఆమ్లం చల్లి వేడిచేసింది. కొవ్వున్న చోటల్లా నల్లటి మచ్చలు మెల్లగా తేలాయి. ఈ.కోలై కొవ్వు క్షారం పడ్డ వరుసలో తన పాత చోట లేదు, తెగిపోయి పైకి కొట్టుకుపోయింది. ఈస్ట్‌దీ అంతే. ఎర్రవాటి మచ్చలు మాత్రం క్షారం తగలని వరుసలో ఎక్కడున్నాయో, తగిలిన వరుసలోనూ సరిగ్గా అక్కడే ఉన్నాయి.

నేను స్కేలు పెట్టి కొలిచాను. మళ్ళీ కొలిచాను. మిల్లీమీటరు తేడా లేదు.

"తెగలే," అన్నాను.

"తెగలే మేడం," అంది ప్రేమ. అప్పటిదాకా నిలబడే ఉన్న పిల్ల స్టూలు మీద కూలబడి నవ్వింది.

"స్వామీ, ఆటోక్లేవ్ బంద్ చెయ్. ఈ ప్లేట్లు ఎవ్వరు ముట్టొద్దు," అన్నాను. నాకెంత హాయిగా అనిపించిందంటే, లోపలికి వెళ్ళి బీరువాలోంచి కల్చర్ దాచే సీసాలు నేనే తెచ్చాను. ఆ తాళంచెవి నేను ఎవరికీ ఇవ్వను.

ప్రేమ లేబుల్ మీద తేదీ వేసింది. ఉప్పు ఎక్కడిదో రాసింది. 'వేరు చేసినవారు' అన్నచోట నా పేరు రాసి, దాని కింద తన పేరు రాసింది. నేను పెన్ను తీసుకుని నా పేరు కొట్టేశాను.

"గట్లెందుకు మేడం? గైడు మీరే గద."

"చంపుమన్నదాన్ని నేను. పైంగ నీకు చెయ్యరాదన్న. తప్పు నాది ప్రేమా."

ఆ మాట నా నోట విన్నవాళ్ళు ఈ కాలేజీలో లేరు. కుమారస్వామి చాయ్ మర్చిపోయి నన్నే చూస్తున్నాడు. ప్రేమ తల దించుకుని కొట్టేసిన లేబుల్‌ను ఊడదీసి, కొత్తది అంటించి, మళ్ళీ రెండు పేర్లూ రాసింది. ఈసారి తన పేరు పైన.

"చంపుమన్నరు," అంది, "గని చూస్త అని కూసున్నరు గద మేడం."

నేను కొట్టెయ్యలేదు.