గడి లేని బుధవారం

డిసెంబరు ఇరవై ఏడున గద్వాలలో చెల్లెలు రుక్సార్ ఇంట్లో భోజనం చేసి, గౌస్ పాషా వనపర్తి బస్సెక్కాడు. రాత్రికి ఉండమని చెల్లెలు అడిగింది. ఇంట్లో పని ఉందన్నాడు. ఇంట్లో ఏ పనీ లేదని ఆమెకూ తెలుసు.

జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. పిల్లలు లేరు. భార్య తాజ్‌బీ పోయి ఏడాది దాటింది. ఆమె పోయాక మాట్లాడే అలవాటు తగ్గిపోయింది. పాలవాడితో రెండు మాటలు, మసీదు దగ్గర నాలుగు సలాములు, అంతే.

బస్సులో పక్క సీటులో కూర్చున్న పెద్దాయన టికెట్ డబ్బులు తీస్తుంటే చొక్కా జేబులోంచి ఒక అట్టముక్క జారి పాషా కాళ్ల దగ్గర పడింది. పాషా వంగి తీసి ఇవ్వబోతూ దాన్ని చూసి ఆగిపోయాడు.

అట్ట మీద నాలుగు వరుసల్లో ఇరవై ఎనిమిది గడులున్నాయి. ఒకటో తేదీ ఆదివారం, ఇరవై ఎనిమిదో తేదీ శనివారం. కింద పదమూడు నెలల పేర్లు, ఒక్కో నెల మామూలు తేదీల్లో ఎప్పుడు మొదలవుతుందో పట్టిక. జూన్‌కీ జూలైకీ మధ్య ‘సోల్’ అనే నెల. జిరాక్సులో అక్షరాలు మసకబారినా ఆ చేతిరాత తనదే.

"ఇది మీకు యాడ దొరికింది?" అని అడిగాడు.

"వనపర్తి దవాఖానల ఇచ్చిండ్రు సార్. మా ఆమెకు ఎముకల సూది. ఇరవై ఎనిమిది దినాలకోసారి. నా పేరు ఈశ్వరయ్య, గద్వాలల మగ్గం నేస్త."

"ఇచ్చింది ఎవరు?"

"ఎస్తేరమ్మ సిస్టరు. మాకు మొదటి గడి సార్. ఏ నెల వచ్చినా ఒకటో తేదీనే. కింద పట్టిక చూసుకొని పోతం. ఏడాది నుంచి ఒక్కసారి గూడ తప్పలే."

ఒకటో గడి చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. పాషా పట్టిక చూశాడు. అందులో డిసెంబరు మొదలయ్యేది మామూలు డిసెంబరు మూడున. అంటే ఈశ్వరయ్య భార్యకు మూడో తేదీ, బుధవారం నాడు సూది వేశారు.

"మళ్లా ఎప్పుడు పోతరు?"

"జనవరి ఒకటి. మళ్లా మొదటి గడే గద."

పాషా అట్టను తిరిగి ఇచ్చేశాడు. బస్సు పెబ్బేరులో ఆగితే ఈశ్వరయ్య దిగిపోయాడు. కూతురింట్లో రెండు రోజులుంటానని దిగేటప్పుడు చెప్పాడు. కిందికి దిగి ఆయనతో మాట్లాడాలని పాషాకు అనిపించింది, కానీ సీటులోంచి లేవలేదు. బస్సు కదిలింది.

ఆ క్యాలెండర్ పాషా కనిపెట్టింది కాదు. లెక్కల మీద ఇష్టం ఉన్నవాళ్లు ఎక్కడెక్కడో వంద ఏళ్లకు పైగా దాని గురించి మాట్లాడుకుంటున్నారు. నెలకు ఇరవై ఎనిమిది రోజులు, సరిగ్గా నాలుగు వారాలు. పదమూడు నెలలకు మూడు వందల అరవై నాలుగు. మిగిలిన ఒక రోజును ఏడాది చివర, ఏ వారానికీ చెందకుండా విడిగా పెడతారు. లీపు సంవత్సరంలో ఇంకో రోజును అలాగే జూన్ ఇరవై ఎనిమిది తర్వాత పెడతారు. అందుకే ఏ తేదీకి ఏ వారమో ఎన్నటికీ మారదు, అయితే ఆ వారాలు మామూలు వారాలతో కలవవు. ఉద్యోగంలో ఉన్నప్పుడు పాషా ఆ క్యాలెండర్‌ను గీసి, మామూలు తేదీలను అందులోకి మార్చుకునే పట్టిక కూడా తయారుచేసి గోడకు తగిలించుకునేవాడు. తాజ్‌బీ నవ్వేది.

"మీ క్యాలెండర్ల రంజాను యాడుంది?" అనేది.

"అది చంద్రుని లెక్క. ఇది సూర్యుని లెక్క."

"మరి నేను ఏ లెక్క?"

రెండు వేల ఇరవై నాలుగులో ఆమె రొమ్ము క్యాన్సరు ఎముకలకు పాకింది. నొప్పి తగ్గడానికీ, ఎముక విరగకుండా ఉండడానికీ నాలుగు వారాలకోసారి సూది వేయాలన్నారు. హైదరాబాద్ డాక్టరు వనపర్తిలోని ఆ చిన్న దవాఖానాకు బుధవారం మాత్రమే వచ్చేవాడు. మొదటి సూది మే పదిహేనున, రెండోది జూన్ పన్నెండున వేశారు. పాషా తన క్యాలెండర్‌లోకి మార్చి చూసుకుంటే మొదటిది మే ఇరవై నాలుగు, రెండోది జూన్ ఇరవై నాలుగు. ఇరవై ఎనిమిది రోజుల సూదికి ఇరవై ఎనిమిది రోజుల నెల. ఇన్నాళ్లకు తన క్యాలెండర్ ఒక పనికి వచ్చిందని పొంగిపోయాడు. ఒక కాపీ ఎస్తేరమ్మకు కూడా ఇచ్చాడు. దవాఖానా చీటీ మీద ‘నాలుగు వారాల తర్వాత’ అని రాసి ఉంది. ఆ చీటీని ఆయన మళ్లీ తీసి చూడలేదు. సోల్ ఇరవై నాలుగు అని గోడ మీద గుర్తు పెట్టుకున్నాడు. పట్టికలో అది జూలై పదకొండు. మార్చడంలో తప్పేమీ లేదు.

జూలై పదో తేదీ పొద్దున తాజ్‌బీ అడిగింది.

"ఇయ్యాల బుధవారం కాదా? పోవద్దా?"

"రేపే ఇరవై నాలుగు. రేపు పోదాం."

మరునాడు వెళ్తే సూది గది తాళం వేసి ఉంది, డాక్టరు లేడు. నిన్న ఎందుకు రాలేదని ఎస్తేరమ్మ అడిగితే, ఇంటికి చుట్టాలొచ్చారని పాషా అబద్ధం చెప్పాడు. తర్వాతి బుధవారం జూలై పదిహేడు పీర్ల పండుగ, దవాఖానాకు సెలవు. ఇరవై నాలుగున రమ్మన్నారు. ఇరవై ఒకటో తేదీన బట్టలుతికే బండ దగ్గర తాజ్‌బీ కాలు జారింది. తొడ ఎముక విరిగింది. నవంబరు దాకా మంచం మీదే ఉండి కన్నుమూసింది.

సూది ఆలస్యమైనందుకు ఎముక విరగలేదని, జబ్బు అప్పటికే ముదిరిందని డాక్టరు చెప్పాడు. అది నిజమే కావచ్చు. కానీ పాషాకు తప్పు ఎక్కడుందో ఎముక విరిగిన రాత్రే తెలిసింది. జూన్ ఇరవై ఎనిమిదికీ సోల్ ఒకటికీ మధ్య ఆ ఏడాది లీపు రోజు ఉంది. మామూలు లెక్కలో అది జూన్ పదిహేడు, బక్రీదు. ఇంట్లో సేమియా వండుకుని తిన్న రోజు. అది తన క్యాలెండర్‌లో ఏ వారంలోనూ లేదు, కానీ తాజ్‌బీ ఒంట్లో అది ఒక రోజే. ఇరవై నాలుగు నుంచి ఇరవై నాలుగుకు ఆ ఒక్కసారి ఇరవై తొమ్మిది రోజులు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాడు ఆ ఒక్క రోజును కలపడం మరిచాడు. తాజ్‌బీకి చెప్పబోతే, ఆమె మధ్యలోనే "తియ్యి, అయితది" అంది. ఆమెకు ఎంత అర్థమైందో ఆయనకు ఇప్పటికీ తెలియదు. గోడ మీది క్యాలెండర్‌ను చింపేశాడు. ఇంకెవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ లెక్క దవాఖానాలో బతికే ఉంది. రెండు వేల ఇరవై ఐదు లీపు సంవత్సరం కాదు కాబట్టి ఏడాదంతా సరిగ్గా నడిచింది. బుధవారాలన్నీ ఒకటి, ఎనిమిది, పదిహేను, ఇరవై రెండు గడుల్లోనే పడ్డాయి. కానీ డిసెంబరు మూడు నుంచి ఇరవై ఎనిమిది రోజులంటే డిసెంబరు ముప్పై ఒకటి. ఆ రోజుకు అట్ట మీద గడే లేదు. జనవరి ఒకటిన, గురువారం, ఈశ్వరయ్య భార్యను తీసుకుని గద్వాల నుంచి వస్తాడు. గదికి తాళం ఉంటుంది.

సోమవారం పొద్దున పాషా దవాఖానాకు వెళ్లాడు. ఆ మెట్లు ఎక్కి ఏడాదికి పైనే అయింది. ఎస్తేరమ్మ దూది సర్దుకుంటోంది. ఆయన్ని చూసి కుర్చీ చూపించింది.

"పాషా సార్, ఎన్ని దినాలకు. పానం మంచిగున్నదా?"

"సిస్టర్, మీరిచ్చే అట్టలల్ల ఒక తప్పున్నది. నాదే."

ఆమె ఒక అట్ట తీసింది. పాషా వేలితో చూపించాడు. అట్ట మీది డిసెంబరు ఇరవై ఎనిమిది అయ్యాక ఒక రోజు వారం లేకుండా పోతుందని, అందుకే ఈ ఒక్కసారి నెల దాటేటప్పుడు గడి ఒకటి వెనక్కి జరగాలని చెప్పాడు.

"ఎనిమిదో గడోళ్లు ఏడున రావాలె. పదిహేనోళ్లు పద్నాలుగున. ఇరవై రెండోళ్లు ఇరవై ఒకటిన. ఒకటోళ్లు ఎల్లుండే రావాలె. బుధవారం, ముప్పై ఒకటి."

ఎస్తేరమ్మ గోడ మీది మామూలు క్యాలెండర్ దగ్గరికి వెళ్లి బుధవారాలను నాలుగు సార్లు వేలితో లెక్కపెట్టుకుంది. తర్వాత వచ్చి కూర్చుంది.

"నిజమే సార్. వాళ్లు గురువారం వస్తే ఎట్ల? మీకు ఎట్ల తెలిసింది?"

గదిలో ఇంకెవరూ లేరు. పాషా తల వంచుకుని చెప్పాడు.

"ఆ ఏడు జూలైల మా ఇంటికి చుట్టాలు రాలే సిస్టర్. ఆమె బుధవారమని చెప్పింది. నేనే గురువారం తీసుకొచ్చిన. ఈ లెక్కనే."

ఆమె ఓదార్చలేదు, తప్పు పట్టనూ లేదు. బీరువాలోంచి రిజిస్టరు తీసి ఆయన ముందు పెట్టింది.

"ఒకటో గడి వాళ్లు పదకొండు మంది. ఫోన్లు చేద్దాం. నేను పేరు చెప్త, మీరు మాట్లాడుండ్రి. మీరైతే సమజయ్యేటట్టు చెప్తరు."

పాన్‌గల్, మానవపాడు, పెబ్బేరు. ఫోను ఎత్తిన ఒక్కొక్కరికీ ఆయన అదే మాట చెప్పాడు. కొందరు రెండుసార్లు అడిగారు. ఒకామె ‘మీరెవరు’ అంది. "దవాఖానకెల్లి" అన్నాడు. ఆఖరున ఈశ్వరయ్య ఎత్తాడు.

"బస్సుల కలిసిన సారేనా? అప్పుడే ఎందుకు చెప్పకపోయినరు?"

"చెప్పాలె. చెప్పలేకపోయిన."

మిగిలిన వాళ్ల అట్టలు వాళ్లు వచ్చినప్పుడు మారుద్దామని ఎస్తేరమ్మ అంది. పాషా రెండు రోజులు దవాఖానా బల్ల దగ్గరే కూర్చుని కొత్త అట్ట గీశాడు. ఈసారి ఏడాది చివరి రోజుకు విడిగా ఒక గడి పెట్టాడు. లీపు రోజుకూ పెట్టి, అది రెండు వేల ఇరవై ఎనిమిది జూన్‌లో వస్తుందని రాశాడు. కింద మామూలు తేదీని, వారాన్ని చేత్తో రాయడానికి ఒక గీత వదిలాడు. సూదికి లెక్క రోజులతోనే గాని గడులతో కాదని ఎస్తేరమ్మకు రెండుసార్లు చెప్పాడు.

ముప్పై ఒకటిన పది మంది వచ్చారు. పాన్‌గల్ ముసలామె ఒక్కతే రాలేదు. ఆమె ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఎస్తేరమ్మ ఆ ఊరి ఆశా వర్కరుకు కబురు పంపింది. ఈశ్వరయ్య భార్య జమ్ములమ్మ సూది వేయించుకుని బయటి బెంచీ మీద కూర్చుంది. సద్ది గిన్నె విప్పి ఒక జొన్నరొట్టె పాషా చేతిలో పెట్టింది.

"మీ ఇంట్లోళ్లకు గూడ గిదే సూదా సార్?"

"ఔ. ఉండె."

ముగ్గురూ కలిసి తిన్నారు. మధ్యాహ్నం గద్వాల బస్సు దాకా పాషా వాళ్లతో నడిచాడు. జమ్ములమ్మ మెట్టు ఎక్కేటప్పుడు మోచెయ్యి పట్టుకున్నాడు. బస్సు వెళ్లిపోయాక ఇంటి వైపు తిరిగాడు. తలుపు తీసేసరికి లోపల ఎప్పటిలాగే ఎవరూ లేరు. టీ పెట్టుకున్నాడు. పాన్‌గల్ ముసలామెకు మళ్లీ ఫోను చేశాడు. నాలుగోసారికి ఎవరో ఎత్తారు.