కొంగు పట్టిన చెయ్యి

కంప్యూటరు తెర మీద సుగుణమణి పట్టుచీరలో నిటారుగా కూర్చుని ఉంది. జిప్పోరాకు చూడగానే నవ్వొచ్చింది. ఆ వెంటనే, తల్లి పోయి రెండు వారాలు కాకముందే నవ్వినందుకు సిగ్గేసింది.

"ఈమె మా అమ్మ కాదన్నా."

"మొఖం మీ అమ్మదే. మెడ కిందికెల్లి వేరే ఆమెది," అన్నాడు ఇంద్రసేన, మౌసు మీంచి చెయ్యి తీయకుండా. అబిడ్స్‌లో మేడమీది ఆ చిన్న స్టూడియోలో ముప్పై ఏళ్లుగా ఫొటోలు దిద్దుతున్నాడు. ఒకప్పుడు నెగెటివ్‌ల మీద పెన్సిలుతో, ఈ నాలుగేళ్లుగా కంప్యూటరులో. "నా దగ్గరున్న చీరలన్నీ వయసు పిల్లలయే. ముసలోళ్లకు కొత్తచీర కట్టి ఎవరు ఫొటో తీపిచ్చిన్రమ్మా?"

జిప్పోరా బల్ల మీది అసలు ఫొటో వైపు చూసింది.

ఆమె తెచ్చిన ఆ ఫొటో ఆమె కూతురు లోయిస్ తీసింది. అమ్మకు ఎనభై నిండిన రోజు, నాంపల్లిలో వాళ్లుంటున్న కిరాయి ఇంట్లో, కిటికీ పక్కన. సుగుణమణి పూల నైటీలో ఉంది. భుజం మీద తువ్వాలు. ఒక చేత్తో ఆ తువ్వాలును గొంతు దగ్గర గట్టిగా పట్టుకుంది. అంతకుముందువన్నీ మెదక్ మిషన్ స్కూల్లో టీచరుగా ఉన్ననాటి గ్రూపు ఫొటోలు. ముసలితనపు ముఖం స్పష్టంగా ఉన్నది ఇదొక్కటే. ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. నైటీ ఫొటో పెడితే ఎట్లా అని తమ్ముడు ఆనంద్ పాల్ అన్నాడు. తెల్లచీర వేయించమన్నాడు.

"ఒకాయన తండ్రికి సూటు తొడగమన్నడు," ఇంద్రసేన చెబుతున్నాడు. "ముడతలు గిట్ల తీసేయమన్నడు. తీసేసిన. కొడుకు కన్నా తండ్రే చిన్నగ కనబడ్డడు. ఇంటికి తీస్కపోతే వాళ్లమ్మ దండ వేయనన్నదట. ఈ పోరడెవడని."

"మా అమ్మ ముడతలు ముట్టకున్రి."

"ముట్ట. ముఖం, మెడ, చెయ్యి, వంపు, అన్నీ ఆమెవే ఉండాలె. బట్ట ఒక్కటే మారాలె. ఆమె చీర తేగలవా? రేపు దాన్ని నువ్వే కట్టుకొని, ఆమె కూసున్నట్టే కూసో. నేను ఫొటో తీస్త. ఆ వంపుకు పడ్డ మడతలే కావాలె. ఏ ఫోల్డర్ల దొరకవవి."

మర్నాడు లక్డీకాపూల్‌లో ఆఫీసు వదిలిపెట్టగానే జిప్పోరా చీర పట్టుకుని వచ్చింది. రెండేళ్లు ట్రంకుపెట్టెలో ఉన్న అమ్మ తెల్లచీర. మడతల దగ్గర పచ్చబడింది. పరదా వెనక కట్టుకుంటుంటే, ఈ కుచ్చిళ్లు తను అమ్మకు ఎన్నిసార్లు పెట్టిందో లెక్కేయబోయి ఆగిపోయింది. తుంటి విరిగాక మూణ్నెల్లు పెట్టింది. తర్వాత బేగం బజార్ పోయి ఒకేసారి అరడజను నైటీలు కొనుక్కొచ్చింది. తనకు తొమ్మిదింటికల్లా బస్సెక్కాలి. అమ్మను లేపి, నిలబెట్టి, కుచ్చిళ్లు పెట్టి, పిన్నులు గుచ్చడానికి ముప్పావుగంట. నైటీ అయితే తల మీంచి వేస్తే అయిపోయేది. అది తప్పు కాదు. ఈ మాట తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది.

ఇంద్రసేన ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టాడు. పాత ఫొటోలో కిటికీ వెలుతురు ఎడమ నుంచి పడింది గనుక దీపాన్నీ ఎడమకే జరిపి, దాని ముందు తెల్లగుడ్డ కట్టాడు.

"వీపు వంచు. ఇంక జర. మెడ ముందటికి... ఔ. వయసు వంపు వీపుల ఉంటది. కానీ చూడు, ఆమె భుజాలు రెండు లోపలికి మూసుకున్నయి. నువ్వూ మూసుకో. చేతిల కొంగు పట్టు. అట్ల కాదు, గట్టిగ. ఆమె ఏలి గెణుపులు తెల్లబడ్డయి." ఫొటో వంక మళ్లీ చూశాడు. "ఆరోజు సలి ఉండెనా?"

"ఔ. సలి."

ఫొటో మూలన కెమెరా వేసిన తేదీ నారింజరంగు అంకెల్లో ఉంది. మే పద్దెనిమిది. ఇంద్రసేన దాన్ని చూశాడు. జిప్పోరా అతను చూడడం చూసింది. అతను కెమెరా ఎత్తాడు.

"కదలకు."

ఆమె కదల్లేదు. భుజాలు మూసి, పిడికిలి గొంతుకు ఆనించి అలా కూర్చుంటే ఊపిరి పైపైనే ఆడింది. ఎవరో ఎదురుగా నిలబడి తనను చూస్తున్నట్టూ, ఆ చూపు తన మీద పడకుండా ఎక్కడికైనా జరగాలనిపిస్తున్నట్టూ అనిపించింది. ఒంటినిండా చీర ఉన్నా అట్లాగే అనిపించింది. ఇన్నాళ్లూ ఈ ఫొటోలో తను ముసలితనాన్నే చూసింది. దాక్కుంటున్న మనిషిని చూడలేదు. చూడలేదా? ఆ పొద్దున అమ్మ అడిగింది కదా. "మంది వస్తున్రు బిడ్డా, ఇయ్యాలొక్కనాడు చీర కట్టు." తను కేకు డబ్బా విప్పుతూ, "నిన్నెవరు చూస్తరమ్మా," అంది. అమ్మ మంచం మీది తువ్వాలు తీసుకుంది. అది ఎందుకో తనకు ఆ రోజే తెలుసు. ఫికర్ పడటానికి తీరిక లేదనుకుంది.

"అయింది, లే," అన్నాడతను. ఆమె కొంగు ఇంకా అట్లాగే పట్టుకుని ఉంది.

శనివారం వెళ్లేసరికి పని పూర్తయింది. సుగుణమణి తెల్లచీరలో కూర్చుని ఉంది. మెడ కింద వదులైన చర్మం అలాగే ఉంది. గడ్డం నీడ రవిక అంచు మీద మెత్తగా పడింది. కొత్త గుడ్డ మరీ మెరవకుండా దానికీ పాత ఫొటో పసుపునూ, గరుకునూ అద్దాడు. చీర మడతలు భుజం వంపుతోపాటే వంగాయి. తువ్వాలున్న చోట ఇప్పుడు కొంగు ఉంది. మూలన తేదీ లేదు.

"ఏమన్న తేడా ఉంటే చెప్పు."

"ఆ చెయ్యి... జర వదులు చేస్తరా?"

ఇంద్రసేన వేళ్లను కొద్దికొద్దిగా జరిపాడు. పిడికిలి విప్పుకుంది. కానీ గెణుపుల మీది ముడతలు సాగి చదునయ్యాయి, నరాలు వంకరపోయాయి. నున్నటి, ఎవరిదో తెలియని చెయ్యి అమ్మ గొంతు దగ్గర పడి ఉంది.

"గిట్లయితది. ముడతలు ఆ పట్టుల పడ్డవమ్మా. పట్టు తీస్తే అవి పోతయి. గిట్లనే ఉంచాల్నా?"

"వద్దు. ఎనకటి లెక్కనే పెట్టున్రి."

అతను మీట నొక్కాడు. చెయ్యి మళ్లీ బిగుసుకుంది.

ప్రింటు వస్తుండగా ఆనంద్ పాల్ ఫోను చేశాడు.

"అక్కా, ఎట్లొచ్చింది?"

"అమ్మ లెక్కనే ఉంది."

"ముసలామె వంగినట్టు గిట్ల లేదు కదా?"

"ఉంది. కొంగు గట్టిగ పట్టుకొని ఉంది."

"మంచిదే తీయ్. మర్యాదగల్ల మనిషి. ఎప్పుడూ గట్లనే పట్టుకునేది."

రేపు చర్చిలో అందరూ ఇదే అంటారు. జిప్పోరాకు ఆ మాటలు ఇప్పుడే వినపడ్డాయి. ఊరుకుంటే చాలు, రెండేళ్లూ అమ్మ చీరలోనే ఉన్నట్టు అయిపోతుంది.

"లేదురా," అంది. "ఎప్పుడూ పట్టుకోకపోయేది. పిన్ను పెట్టుకొని చేతులు ఊపుకుంట నడిచేది, యాది లేదా? అది తువ్వాల. నైటీల ఉన్నందుకు మందిల సిగ్గయి కప్పుకుంది. చీర కట్టుమని నన్నడిగింది. నేను కట్టలే."

ఇంద్రసేన ఆమె వైపు తిరగకుండా, అప్పుడే వచ్చిన ప్రింటును అంచులు పట్టుకుని ఆరడానికి బల్ల మీద పరిచాడు.

"గిదంతా ఇప్పుడెందుకక్కా," అన్నాడు తమ్ముడు.

"రేపు నన్ను మాట్లాడమన్నవు కదా. గిదే మాట్లాడుత."

ఫోను పెట్టేసింది. బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది. ఫొటో ఇంకా తడిగా ఉంది. ముట్టుకోవచ్చా అని అడిగితే, జర ఆగమ్మా అన్నాడు ఇంద్రసేన. ఆమె చేతులు వెనక కట్టుకుని ఆగింది.