చివరి వరస

ఆ వీధిలో కళ్ళద్దాలాయన షాపు ఎక్కడంటే చిన్నపిల్లలు కూడా చెయ్యి చూపిస్తారు. చుట్టుపక్కల సగం మంది ముక్కుల మీద ఉన్నవి ఆయన బిగించిన ఫ్రేములే. అంతమంది చూపు చక్కబెట్టిన మనిషికి తన చూపు మీద మహా ధీమా. రోజూ షాపు తీయగానే చూపు పరీక్షకి నేల మీద గీసిన గీత మీద నిలబడి, ఒక్కో కన్నూ మూసి, గోడకి వేలాడే అట్ట మీది అక్షరాలు చివరి వరస దాకా గడగడా చదివేవాడు.

"చూశావా, షుగరు నన్నేం చేసింది?" అని భార్యని ఆటపట్టించేవాడు.

షుగరు వచ్చి పన్నెండేళ్ళు. రక్తపరీక్షకి రెండు రోజుల ముందు నుంచి నోరు కట్టేసుకునేవాడు. పరగడుపు అంకె బాగుంటే ఇక మళ్ళీ మామూలే. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష మాటెత్తితే ముఖం చిట్లించేవాడు. ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేయించుకుని లోపలి పొర చూపించుకోమని ఆమె పోరేది.

"చుక్కలు వేస్తే పూటంతా మసక. షాపు ఎవరు చూస్తారు, నువ్వా?"

"ఇన్నేళ్ళూ చూస్తున్నది ఎవరనుకున్నారు?"

ఆయన నవ్వేవాడు, ఆమె కూడా నవ్వేసేది.

ఒకసారి షాపు గచ్చు మీద నెత్తుటి అడుగులు కనిపించాయి. ఆయన అరికాల్లో అద్దం పెంకు దిగి ఉంది. నొప్పే తెలియలేదని గొప్పగా చెప్పుకున్నాడు. ఆ తెలియకపోవడమే జబ్బని చెప్పేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

తరవాత ఒక ఉదయం కుడికంటి ముందు నల్లటి దారాలు తేలాయి. సాయంత్రానికి ఎర్రటి తెర దిగింది.

కంటి డాక్టరమ్మ రెండు కళ్ళలోనూ చుక్కలు వేసి చాలాసేపు చూసింది.

"చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువుంటే కంటి వెనక సన్నటి రక్తనాళాలు పాడవుతాయి. రక్తం చాలక ఆ పొర కొత్త నాళాలు పుట్టిస్తుంది. అవి పెళుసు. చిట్లి రక్తం కారింది, పొర కూడా లేచిపోయింది. ఆపరేషన్ చేసినా పోయిన చూపు పెద్దగా రాదు."

"మొన్నటిదాకా చివరి వరస చదివానండీ."

"చదువుతారు. చివరిదాకా చూపు బాగానే ఉంటుంది. అందుకే చుక్కలు వేసి చూడాలి. ముందే వచ్చుంటే లేజరుతో చాలావరకు ఆపేవాళ్ళం. ఎడమకంట్లో కూడా కొత్త నాళాలున్నాయి. ఇంకా చిట్లలేదు. ఈ వారమే లేజరు చేయించుకోండి."

ఆవిడ పంపిస్తే షుగరు డాక్టరు దగ్గరికి వెళ్ళారు. మూత్రంలో ప్రొటీన్ పోతోందని, రక్తంలో క్రియాటినిన్ పెరిగిందని, మూత్రపిండాల జల్లెడ దెబ్బతిందని ఆయన చెప్పాడు. కన్ను, మూత్రం, రక్తం, పాదం ఏడాదికోసారి చూపించుకుంటే ఇవన్నీ బాధ మొదలవకముందే దొరికేవన్నాడు. తరవాత కళ్ళు మూసుకోమని, నైలాన్ దారం తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. దారం వంగేదాకా పాదం మీద ఒక్కోచోటా నొక్కాడు. ఆమె చూస్తూనే ఉంది.

"ఇక మొదలెట్టండి డాక్టరుగారూ," అన్నాడాయన, అంతా అయిపోయాక.

ఆమె గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

అయినా మొండిఘటం దిగి రాలేదు. మంచి కన్నుని కాల్చుకోవడమేమిటన్నాడు. వారం గడవబోతోంది. ఆ పొద్దున షాపులో గీత మీద నిలబడి, ఎడమకన్ను అరచేత్తో గట్టిగా మూసుకున్నాడు.

"రక్తం కరిగిపోయింది. కుడికన్నుతో చదువుతా, విను. దానంతటదే తగ్గేదానికి లేజరెందుకు?"

మొదటి అక్షరం చెప్పాడు. ఆమె చప్పుడు కాకుండా వెళ్ళి, మేకు నుంచి అట్ట తీసి, గుండెలకి ఆనించుకుని పక్కన నిలబడింది. ఆయన ఉత్త గోడని చూస్తూ చదువుతూనే ఉన్నాడు. రెండో వరస, మూడో వరస, ఎక్కడా తడబడలేదు. చివరి వరస కూడా చదివి, పిల్లాడిలా గర్వంగా అడిగాడు.

"ఒక్కటైనా తప్పు పోయిందా?"

ఆమె ఆయన ఖాళీ చెయ్యి పట్టుకుని అందులో అట్ట పెట్టింది. ఆయన వేళ్ళు దాని అంచులు తడిమాయి, పైనున్న తాడు తడిమాయి. ఎడమకంటి మీది చెయ్యి మాత్రం తీయలేదు.

"ఎప్పుడు తీశావే?"

"మొదటి అక్షరం దగ్గరే అండీ."

కన్ను మూసిన అరచేతి కింద నుంచి నీళ్ళు గడ్డం దాకా జారాయి.

"షాపు మూసెయ్యి," అన్నాడు కంటి మీది చెయ్యి తీసి. "ఈ కన్నుతో నిన్ను చూస్తుండగానే వెళ్దాం."