అభ్యర్థి వివరణ

ఆగస్టు ఏడో తేదీ, గురువారం. ఆ మధ్యాహ్నం మోహన్‌కృష్ణ తిన్నది రాగిసంగటి, వేరుశనగ ఊరిబిండి. ఆ తేదీ, ఆ తిండి అతనికింకా గుర్తున్నాయంటే రుచి వల్ల కాదు. చెయ్యి కడుక్కుని వచ్చి, ఆ నిండు కడుపుతోనే ఒక ఆడపిల్లను ఫోన్లో నిలదీశాడు.

తిరుపతిలో రైల్వే స్టేషనుకు వెనకవైపు, ఒక మేడమీద జయచంద్ర నడిపే కన్సల్టెన్సీ ఉంది. సూళ్లూరుపేట వైపు ఫ్యాక్టరీలకు మనుషుల్ని చూపించడం దాని పని. ఫ్యాక్టరీవాళ్లు ఎంపిక చేసిన మనిషి కాగితాలు సరిచూడటం మోహన్‌కృష్ణ పని. ఒక పక్క రెజ్యూమే, ఇంకో పక్క పాత కంపెనీ ఇచ్చిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ పెట్టుకోవాలి. హోదా ఏమిటి, ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు, రెంటికీ తేడా ఎంత అన్నది పట్టికలో రాయాలి. నెలలోపు తేడా పట్టించుకోనక్కర్లేదు. చివరి గడి పేరు ‘అభ్యర్థి వివరణ’. దొంగ, మోసం అనే మాటలు ఎక్కడా రాయకూడదు. తేడా చూపించి ఊరుకోవాలి, తీర్పు ఫ్యాక్టరీది.

రాసేటప్పుడు ఆ నియమం తప్పేవాడు కాదు. మాట్లాడేటప్పుడే నోరు జారేది.

ఆ రోజు పట్టిక పూతలపట్టు అమ్మాయి కృపారాణిది. రెజ్యూమేలో ‘క్వాలిటీ సూపర్‌వైజర్, జూన్ 2019 నుంచి మార్చి 2023’ అని ఉంది. సర్టిఫికెట్లో ‘సీనియర్ ఆపరేటర్, క్వాలిటీ; 2 డిసెంబరు 2019 నుంచి 31 మార్చి 2023’ అని ఉంది. మానేసిన నెల కలిసింది. చేరిన నెల కలవలేదు, హోదా కలవలేదు.

“ఈ ఆరు నెలలు యాడనుంచి వచ్చినాయి మ్మా?” అన్నాడు ఫోన్లో. “ఆపరేటర్‌వి సూపర్‌వైజర్ ఎప్పుడైనావు? చదువుకున్నదానివే గదా, ఇట్ల రాసుకుంటే కనుక్కోలేమనుకున్నావా?”

అవతల మెషీన్ల మోత మధ్య ఆమె గొంతు సన్నగా వినబడింది.

“తప్పైపోయింది సార్. ఎట్ల పడిందో ఏమో. దిద్దేసుకోండి సార్, అట్లే పంపించొద్దండి. ఇప్పుడు చేసే ఈ చిత్తూరు కంపెనీలో నోటీసు కూడా ఇచ్చేసినాను. రేపే ఆఖరు. సోమవారం ఆడ చేరమన్నారు.”

“నేను దిద్దేది కాదు. కాగితాలేమన్నా ఉంటే తీసుకురా.”

ఫోన్ పెట్టేసి చివరి గడిలో రాశాడు: ‘అభ్యర్థి పొరపాటును ఒప్పుకున్నారు.’ సాయంత్రంలోగా ఫ్యాక్టరీ హెచ్చార్ భానుచందర్‌కు పట్టిక పంపాలి. ఇంక పంపడమే తరువాయి.

ఆమె మిగిలిన పూటకు సెలవు పెట్టి, చిత్తూరులో బస్సెక్కి వచ్చింది. మెడలో పనిచేసేచోటి గుర్తింపు కార్డు ఇంకా అట్లే ఉంది. ప్లాస్టిక్ కవర్లోంచి కాగితాలు తీసి బల్లమీద పెట్టింది.

“ఇది పీఎఫ్ సర్వీసు హిస్టరీ సార్. మొదటి ఆరు నెలలు నేను కాంట్రాక్టర్ కింద ఉన్నాను. అదే లైను, అదే పని. డిసెంబర్లో కంపెనీ సొంత రోల్‌లోకి తీసుకున్నారు. సర్టిఫికెట్లో ఆడినుంచే వేస్తారంట.”

మోహన్‌కృష్ణ చూశాడు. జూన్ నుంచి నవంబరు దాకా కాంట్రాక్టర్ పేరు, డిసెంబరు నుంచి కంపెనీ పేరు. తేదీలు అతికినట్టు సరిపోయాయి.

“మరి సూపర్‌వైజర్?”

“అదే తెలీడంలేదు సార్. నా రెజ్యూమేలో లేదే.” ఇంకో కాగితం ముందుకు జరిపింది. అందులో ఆ పాత కంపెనీ పని రెండు వరుసల్లో ఉంది. పైన సీనియర్ ఆపరేటర్, కింద కాంట్రాక్టు హెల్పర్. పై వరుస సర్టిఫికెట్‌తో అక్షరం పొల్లుపోకుండా కలిసింది.

అతను తెరను ఆమెవైపు తిప్పాడు. పైన కన్సల్టెన్సీ ముద్ర ఉన్న రెజ్యూమే. ఆమె దగ్గరకు వంగి చదివింది.

“పేరు నాదే సార్. కాయితం నాది కాదు.”

“కాకపోతే ఫోన్లో తప్పైపోయిందన్నావెందుకు?”

“మీరంత గట్టిగా అంటాంటే, నాదే అయ్యుంటాదిలే అనుకున్నాను.”

మోహన్‌కృష్ణ ఆమె జులైలో పంపిన మెయిలు వెతికి తీశాడు. అందులో ఉన్నదీ ఆమె చేతిలో ఉన్నదీ ఒకటే. తర్వాత ఆఫీసు ఫైలు తెరిచి, ఎవరు తయారుచేశారో చూశాడు. తన పేరే ఉంది.

గుర్తు తెచ్చుకుందామంటే ఏమీ గుర్తు రాలేదు. అదే ఎక్కువ సిగ్గనిపించింది. వచ్చిన ప్రతి రెజ్యూమేనీ ఆఫీసు ఫార్మాటులోకి మార్చి పంపడం అక్కడి అలవాటు. కాంట్రాక్టునీ కంపెనీనీ కలిపి ఒకటే చెయ్యి, హోదా ఫ్యాక్టరీవాళ్లు అడిగిందే పెట్టు అని జయచంద్ర ఏనాడో చెప్పి ఉన్నాడు. ఆ లెక్కన రోజూ టైపు చేసేవాటిలో ఇదొకటి. మార్చిన చెయ్యీ, తేడా పట్టుకున్న చెయ్యీ ఒకటే. మధ్యలో తిట్లు తిన్నది ఈ పిల్ల.

“కూర్చోమ్మా,” అని లేచి జయచంద్ర గదిలోకి పోయాడు. గదికీ బయటి బెంచీకీ మధ్య ప్లైవుడ్ పలకే అడ్డం.

విషయమంతా విని జయచంద్ర నవ్వాడు.

“దీనికేనా ఇంత మొగం పెట్టుకున్నావు? తప్పు నాదేనని ఆ పాపే చెప్పిందంటివే. అదే పంపీ.”

“చెయ్యని తప్పు అది.”

“ఓహో, హరిశ్చంద్రుడు దిగినాడప్పా! నిజం రాస్తే రేపట్నుంచి ఆ ఫ్యాక్టరీ మన మొగం చూస్తాదా?”

“చూడదేమో.”

“అట్ల మార్చమని చెప్పింది నేనే, కాదనను. టైపు కొట్టిన వేళ్లు ఎవరివి? అప్పుడు లేని నీతి ఇప్పుడు యాడనుంచి ఊడిపడింది?”

ఆ మాట నిజమే కాబట్టి మోహన్‌కృష్ణ తలొంచుకుని బయటికొచ్చాడు. బెంచీమీద కృపారాణి కవరు మూతిని మడుస్తూ, విప్పుతూ కూర్చుని ఉంది. వినబడిందని తెలుస్తూనే ఉంది. అయినా తన నోటితో చెప్పకపోతే కుదరదు.

“అది నేను మార్చిందేనమ్మా. నువ్వు పంపింది సరిగ్గానే ఉంది.”

ఆమె తలెత్తింది. “మరి మధ్యాహ్నం నన్ను అట్ల అడిగినారే సార్.”

“అవును.”

“పక్కన మావాళ్లంతా ఉన్నారు సార్. స్పీకర్లో ఉన్నింది ఫోను. చేతికి గ్లౌజులుంటే స్పీకరే పెట్టుకుంటాము.”

క్షమించమని అడగాలనుకున్నాడు. ఆ మాట తనకు తేలికగా, ఆమెకు బరువుగా ఉంటుందని తోచి, అడగకుండానే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. చివరి గడిలో ఉన్నది చెరిపేశాడు. కొత్తగా రాశాడు: ‘అభ్యర్థి సొంత రెజ్యూమే సర్టిఫికెట్‌తో సరిపోతోంది. ఆరు నెలలు కాంట్రాక్టు సర్వీసు, పీఎఫ్ ఆధారం జత చేశాము. హోదా, తేదీలు మా ఆఫీసులో అభ్యర్థికి చెప్పకుండా మార్చబడ్డాయి. మార్చింది నేను.’ కింద తన పేరు పెట్టాడు. జయచంద్ర తలుపు దగ్గరికొచ్చి నిలబడి చూశాడు. వద్దనలేదు. మౌస్ లాక్కోవడానికి చెయ్యి చాపలేదు. మోహన్‌కృష్ణకు అదే చాలా పెద్ద దయలా అనిపించింది.

పంపిన కాసేపటికే భానుచందర్ ఫోన్ చేశాడు.

“ఏం సార్, మీరే మార్చి మీరే పట్టుకుంటారా? బాగుండాది మీ యాపారం!”

“అవును సార్.”

“సూపర్‌వైజర్‌గా ఇంక తీసుకోలేను. ఇంటర్వ్యూలో ఆమె చెప్పింది లైను పనే, బాగా చెప్పింది. సీనియర్ ఆపరేటర్ ఖాళీ ఒకటుంది, జీతం తగ్గుతాది. ఇష్టమైతే సోమవారమే రమ్మనండి. మీ ఆఫీసు సంగతి నేను తర్వాత మాట్లాడతా.”

భానుచందర్ చెప్పినదంతా, జీతం తగ్గుతుందన్న మాటతో సహా, మోహన్‌కృష్ణ ఆమెకు చెప్పాడు.

“నాకొచ్చేది ఆ పనే గద సార్. పోతాను.” కాగితాలు కవర్లో పెట్టుకుంది. “రేపు మావాళ్లతో ఏం చెప్పాలో మాత్రం తెలీడంలేదు.”

“ఫోన్ చేస్తాను. స్పీకర్లోనే పెట్టు. అందరూ వినేటట్టు చెప్తాను.”

ఆమె మెడలోని కార్డు సవరించుకుని మెట్లు దిగింది. చిత్తూరు బస్సులు ఇంకా ఉన్నాయి.

దీపాలు పెట్టే వేళ దాటాక కూడా జయచంద్ర తన గదిలో తలపట్టుకుని కూర్చునే ఉన్నాడు. పోయొస్తానని చెప్పాలనిపించి, చెప్పలేక, మోహన్‌కృష్ణ బయటికొచ్చి తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేశాడు.