అచ్చు తర్వాత ఏముందో

మా మావయ్య మెయిల్ తెరవరు. చూస్తారంతే. చూసి, లోపల ఏముందో చెప్పేస్తారు.

దీనికి కారణం మా ప్రెస్సులోని ముసలి కంప్యూటరు. అచ్చుకు ప్లేట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ దాంట్లో తప్ప ఇంకెక్కడా పనిచేయదు కాబట్టి దాన్ని మార్చలేదు, దాంట్లోని మెయిల్ ప్రోగ్రామునూ మార్చలేదు. ఇంగ్లీషులో సబ్జెక్టు రాస్తే జాబితాలో ఇంగ్లీషే కనిపిస్తుంది. తెలుగులో రాస్తే మాత్రం =?UTF-8?B? అని మొదలై, ఆ వెనక అక్షరాలూ అంకెలూ కలగలిసిన తోక ఒకటి బారెడు సాగుతుంది. మెయిల్ ప్రయాణం కోసం తెలుగు సబ్జెక్టును ఇంగ్లీషు అక్షరాల్లోకి మారుస్తారనీ, కొత్త ప్రోగ్రాములు దాన్ని జాబితాలోనే మళ్లీ తెలుగు చేసి చూపిస్తాయనీ, మనది మాత్రం తెరిచాకే చేస్తుందనీ నేను ఆయనకు ఓపిగ్గా చెప్పాను. అదే నేను చేసిన పొరపాటు. తెరవడం మానేసి, ఆయన ఆ తోకలను చదవడం మొదలుపెట్టారు.

ఒక్కో మెయిల్ తెరుచుకునేలోపు ఆ కంప్యూటరు కాఫీ తాగి వచ్చేంత సేపు తీసుకుంటుంది, అది నిజమే. పైగా ఆయనకు తీరిక ఎక్కువ. తెలుగు సబ్జెక్టుల్లో ముక్కలన్నీ 4LC అనో 4LG అనో మొదలవుతాయనీ, ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతం గుర్తుకూ నాలుగేసి ఇంగ్లీషు ముక్కలు పడతాయనీ కనిపెట్టేశారు. 4LCF అంటే అ, 4LCG అంటే ఆ. ఇక ఇంట్లో ఆయన్ని పట్టడం కష్టమైపోయింది. తన ఇంటిపేరు చెప్పినంత ధీమాగా, భోజనాల దగ్గర కూడా నాలుగక్షరాల ముక్కలు వల్లించేవారు.

ప్రూఫు చూశాక “అచ్చుకి సరే” అని సబ్జెక్టులో రాయమని మా రచయితలందరికీ చెప్పింది కూడా ఆయనే. ఆ మాట కోడులో ఎలా ఉంటుందో ఆయనకు కంఠతా వచ్చు. ఆ చిన్న తెరలో సబ్జెక్టు గడి ఇరుకు. ముందున్న చెత్త పోను, “అచ్చు” పట్టేంత చోటే మిగులుతుంది. ఆ ముక్క కనబడితే చాలు, మిషన్ దగ్గరున్న కొడుకుని, అంటే మా ఆయన్ని, కేకేసేవారు. నెలల తరబడి ఒక్కసారీ తప్పలేదు. తప్పి ఉంటే బాగుండేదని నాకు ఒళ్లు మండేది.

ఆ రోజుల్లో మా దగ్గర ఒక టీచరమ్మగారి పుస్తకం నడుస్తోంది. ఆవిడ రిటైరై, తన జ్ఞాపకాలు రాసుకున్నారు. టైపు చేసింది నేనే కాబట్టి ప్రతి అక్షరమూ నాకు తెలుసు. అందులో ఒక అధ్యాయం నిండా వాళ్ల అక్కగారే. అక్క నోరు తెరిస్తే గోడకున్న సున్నం రాలిపడేదని, అక్క కేకకు పాలవాడు గిన్నె అక్కడే పెట్టి పారిపోయేవాడని రాసుకొచ్చారు. టైపు చేస్తూ నేను ఒకటే నవ్వు. చివరి పేజీకి వచ్చేసరికి మాత్రం నవ్వు ఆగిపోయింది. అమ్మ పోయిందన్న కబురు అందుకుని ఈవిడ మర్నాటికి గానీ చేరలేకపోయారట. గుమ్మంలోనే అక్క, అందరి ముందూ, “అమ్మ పోయాక వచ్చినవాళ్లకి ఇక్కడ ఏడ్చే హక్కు లేదు” అందట. ఈవిడ లోపలికి అడుగు పెట్టకుండా వెనక్కి తిరిగారు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ప్రూఫు ఆవిడకు పంపి ఎదురుచూస్తుంటే, ఒక మధ్యాహ్నం జాబితాలో టీచరమ్మగారి మెయిల్ పడింది. మావయ్య కళ్లజోడు సర్దుకుని =?UTF-8?B?4LCF4LCa4LGN4LCa4LGB వరకూ చూసి, “సరే అన్నారు, మిషన్ ఎక్కించరా” అని కేకేశారు. నేను భోజనానికి వెళ్లి వచ్చేసరికి మిషన్ మోత. మెయిల్ తెరిచారా అని అడిగితే, తెరవడానికి అదేమైనా కొత్త సంగతా అన్నారు. ఆవిడ అడిగింది కొద్ది కాపీలే కాబట్టి, సాయంత్రానికి పుస్తకం మొత్తం అచ్చయిపోయింది. కాగితాలు కలిపి కుట్టడం ఒక్కటే మిగిలింది.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మగారు వచ్చారు. పక్కన ఆవిడకు రెండింతలున్న ఇంకో పెద్దావిడ, ఈవిడ చెయ్యి వదలకుండా పట్టుకుని. మా అక్క అని పరిచయం చేసేటప్పుడు టీచరమ్మగారి మొహం పెళ్లిపీటల మీది పిల్లలా వెలిగిపోతోంది. నాకు మాత్రం అచ్చయిపోయిన ఆ అధ్యాయం గుర్తొచ్చింది. అక్కగారు నిన్న పొద్దున తనంతట తానే వచ్చి తలుపు తట్టిందట. రాత్రంతా మాట్లాడుకుంటూనే ఉన్నారట. పుస్తకం చూపించమని ఆవిడ పట్టుబట్టితే, అచ్చు ఆగిపోయి ఉంటుందిలే అన్న ధైర్యంతో ఈవిడ ప్రెస్సుకు తీసుకొచ్చారు.

అక్కగారిని ముందు గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, టీచరమ్మగారు నన్ను లోపలికి లాక్కొచ్చి గుసగుసగా అడిగారు.

“నా మెయిల్ చూసి ఆపేశారు కదమ్మా?”

నేను మావయ్య వైపు చూశాను. ఆయన కంప్యూటరు వైపు చూశారు. కంప్యూటరు ఎప్పటిలాగే తాపీగా ఉంది. మెయిల్ మీద రెండుసార్లు నొక్కి ముగ్గురం నిలబడ్డాం. ఆ రోజు అది తీసుకున్నంత సేపు ఎప్పుడూ తీసుకోలేదు. ఎట్టకేలకు తెరుచుకుంది. లోపల ఒక్క అక్షరం లేదు. చెప్పదలచుకున్నదంతా ఆవిడ సబ్జెక్టులోనే రాసేశారు: “అచ్చు ఆపండి, అక్క వచ్చింది, అక్క అధ్యాయం తీసేయండి.”

మావయ్య కళ్లజోడు తీసేశారు. కోడు తప్పు కాదు, మిషన్ తప్పు కాదు, మొదటి మాట చూసి మిగతాది నేనే ఊహించుకున్నానమ్మా, ఆ అధ్యాయం ఉన్న కాగితాలు నా ఖర్చుతో మళ్లీ వేయిస్తాను అన్నారు. మా ఇంటికి కోడలిగా వచ్చాక ఆయన నోట “తప్పు” అన్న మాట వినడం నాకదే మొదలు. సంతోషించాల్సింది పోయి జాలేసింది.

టీచరమ్మగారు అవేమీ వినడం లేదు. ముందు గదిలోకి చూస్తున్నారు. అచ్చయిన కాగితాల దొంతరలు అక్కడే ఉన్నాయి, అక్కగారి కుర్చీ పక్కనే. ఆవిడ ఒక కాగితం ఒళ్లో పరుచుకుని, వేలు పెట్టి చదువుతోంది. పాలవాడి దగ్గర నవ్వింది కాబోలు, భుజాలు కదిలాయి. తర్వాత కదలడం మానేశాయి.

మేం వెళ్లి నిలబడ్డాం. ఒక్కరోజు దొరికిన అక్క మళ్లీ పోతుందని టీచరమ్మగారి భయం. అది తీసేస్తున్నారక్కా, తీసేయమనే రాశానక్కా అంటున్నారు.

“ఎందుకు తీయడం? అన్నాను కదా ఆ మాట,” అంది అక్కగారు. సున్నం రాలే గొంతు కాదు అది, ఎదురుగా ఉన్న నాకే సరిగా వినబడలేదు. “అని, వెనక గదిలోకెళ్లి అమ్మ చీరలో మొహం పెట్టుకుని ఏడ్చాను. తెల్లారేదాకా ఏడ్చాను. అది రాయలేదేం?”

“నువ్వేడ్చావని నాకెవరు చెప్పారక్కా?”

“నువ్వు ఉంటే కదే చెప్పడానికి.”

ఆ తర్వాత ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను చెప్పలేను, ఎందుకంటే అందులో మాటలు తక్కువ. మావయ్య మంచినీళ్లు తెచ్చారు. ఇంకా కుట్టలేదు కాబట్టి ఆ అధ్యాయం వెనకే రెండు పేజీలు కలపొచ్చని నేను చెప్పాను. నేను టైపుకు కూర్చుంటే, అక్కగారు కుర్చీ నా పక్కకు లాక్కుని చెప్పడం మొదలుపెట్టింది. మొదటి వాక్యానికే టీచరమ్మగారు, ఆ రోజు అమ్మ చీర పచ్చది కాదు నీలం అని అడ్డం వచ్చారు.

“ఆ గదిలో ఉన్నది నువ్వా నేనా?” అంది అక్కగారు. ఈసారి మిషన్ దగ్గర మా ఆయనకు కూడా వినబడింది.

నేను పచ్చ అనే టైపు కొట్టాను.