శ్రీరంగం సంతకం

ఛత్తీస్‌గఢ్‌లోని కిరందుల్‌లో కొండ దిగువన ఇనప రాయిని పరీక్షించే ల్యాబొరేటరీ ఒకటి ఉండేది. అక్కడ కెమిస్టుగా పనిచేసే దేవుడమ్మకి జర్మనీ నుంచి కబురొచ్చింది. చెల్లెలు చిన్నమ్మి అక్కడి ఆసుపత్రిలో నర్సు. మెట్ల మీంచి జారి పడి వెన్నుపూస విరిగింది. ఆపరేషన్ తర్వాత నెల రోజులు మంచం దిగకూడదన్నారు. ఇంట్లో మూడేళ్ల పాప. భర్త ఓడ మీద పని చేస్తాడు, ఒడ్డుకి రావడానికి ఇంకా నెలలు పడుతుంది.

దేవుడమ్మ ఆ రోజే సెలవు అడిగింది. ల్యాబ్ ఇన్‌ఛార్జి మారు మాట్లాడకుండా మంజూరు చేశాడు. వీసాకి కావలసిన కాగితాల్లో మిగిలింది ఒక్కటే, కంపెనీ ఇచ్చే ఉద్యోగ ధ్రువీకరణ లేఖ. అదొక్కటే కష్టమవుతుందని ఆమెకి ముందే తెలుసు. లేఖ ఇవ్వాల్సినవాడు హెచ్ఆర్ మేనేజరు శ్రీరంగం.

వర్షాకాలంలో పొజ్జా అనే కార్మికుడి చెయ్యి కన్వేయర్ బెల్టులో పడి మోచేతి దాకా పోయింది. బెల్టు చక్రానికి అడ్డంగా ఉండాల్సిన ఇనప జాలీ ఆ రోజు లేదు. నమూనాల కోసం అటు వెళ్లిన దేవుడమ్మ కళ్లారా చూసింది. చూసిందే విచారణకొచ్చిన భద్రతాధికారులకి రాసిచ్చింది. జాలీ ఉందనీ, పొజ్జాయే తీసేశాడనీ చెబుతూ వచ్చిన కంపెనీకి ఆ కాగితం గొంతులో ముల్లైంది. అప్పటి నుంచి క్యాంటీన్లో ఆమె కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రావడం మానేశారు, ల్యాబ్ అటెండరు హిడ్మే తప్ప.

నోటిమాటగా అడిగితే నోటిమాటగానే పోతుందని ఆమె ఈమెయిల్ రాసింది. చెల్లెలి ఆపరేషన్ కారణంగా జర్మనీ వెళ్లాలనీ, స్వల్పకాలిక వీసాకి దరఖాస్తు చేస్తున్నాననీ మొదటి వాక్యంలోనే చెప్పింది. వీసా కేంద్రంలో అపాయింట్‌మెంట్ వచ్చే సోమవారం కాబట్టి లేఖ గురువారం సాయంత్రానికి చేతికి కావాలంది. లేఖ ఎలా ఉండాలో కూడా స్పష్టంగా రాసింది. కంపెనీ లెటర్‌హెడ్ మీద, ఇంగ్లీషులో, కాన్సులేట్ వీసా విభాగాన్ని ఉద్దేశించి ఉండాలి. అందులో తన హోదా, చేరిన తేదీ, ఉద్యోగం పర్మనెంటన్న సంగతి, నెల జీతం, మంజూరైన సెలవు తేదీలు, సెలవు తర్వాత తిరిగి విధుల్లో చేరుతుందన్న మాట ఉండాలి. కింద సంతకం చేసినవారి పేరు, హోదా, ఫోను, ఈమెయిల్, ముద్ర, తేదీ. సెలవు మంజూరు ఉత్తర్వు, జీతం స్లిప్పులు, అపాయింట్‌మెంట్ కాగితం జత చేసింది.

మంగళవారం జవాబు లేదు. బుధవారం మధ్యాహ్నం ఆమే వెళ్లింది.

శ్రీరంగం జగదల్‌పూర్‌లో కిరాణా వ్యాపారం చేసిన కుటుంబంవాడు, వయసులో ఆమెకన్నా చిన్న. ప్యూను ఉన్నంతసేపూ హిందీలో మాట్లాడి, అతను బయటికెళ్లగానే తెలుగులోకి దిగాడు. కూర్చోమన్నాడు, అక్కా అన్నాడు. ఆ పిలుపు విని దేవుడమ్మ కుర్చీ అంచునే కూర్చుంది.

"మీ పని నిమిషంలో అయితది అక్కా. మీరే జర ఆలోచించుకోవాలె. జాలీ లేదన్నది దూరం నుంచి చూసిన, సరిగ్గ చెప్పలేనని ఒక్క ముక్క రాసియ్యుండ్రి. లెటర్ ఇప్పుడే టైపు చేపిస్త."

"ఆ రెంటికీ ఏటండీ సంబంధం?"

"సంబంధం లేదనుకుంటే గురువారం దాకా చూస్తుండుండ్రి."

ఆమె లేచి వచ్చేసింది. చెల్లెలి ముఖం, మంచం పక్కన నిలబడి ఉంటుందనుకున్న పాప, పొజ్జా భుజం మీద ముడేసి ఉన్న ఖాళీ చొక్కా చెయ్యి, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. దూరం నుంచి చూశానంటే ఎవరికి తెలుస్తుంది అనిపించింది ఒక్క క్షణం. ఆ ఆలోచన తనదేనని తెలిసి ఆమెకి సిగ్గేసింది.

గురువారం పొద్దుపోయే ముందు ప్యూను ఒక కవరు తెచ్చిచ్చాడు. లెటర్‌హెడ్ ఉంది, ముద్ర ఉంది. హోదా, చేరిన తేదీ, జీతం సరిగానే ఉన్నాయి. సెలవు ఊసు లేదు. ఆఖర్న ఒక వాక్యం: ఈమె మీద క్రమశిక్షణ విచారణ నడుస్తోంది, ఈమె ప్రయాణానికీ తిరిగి రావడానికీ సంస్థ బాధ్యత వహించదు. ఆమె మీద ఏ విచారణా లేదు. ఒక్క నోటీసూ ఎన్నడూ రాలేదు.

కవరు పట్టుకుని ఆమె మళ్లీ అతని గదికెళ్లింది. ఈసారి అతను కూర్చోమనలేదు.

"ఏంది మేడం, అడిగినవు, ఇచ్చిన. ఇంకేంది?"

"విచారణ నంబరు చెప్పండి సార్."

"నంబరెందుకు?"

"కాన్సులేట్ వాళ్లు ఈ లేఖ నిజమో కాదో కనుక్కోడానికి ఇందులో ఉన్న ఫోనుకే చేస్తారు. ఫోను మీది, సంతకం మీది. విచారణ ఏటి, ఎప్పుడు మొదలైంది అని వాళ్లడిగితే చెప్పాల్సింది మీరే. నేను మీ దయ అడగలేదు. రికార్డులో ఉన్నది రాయమన్నాను. ఇవ్వనంటే ఇవ్వనని కారణంతో రాసివ్వండి, అదే జత చేసుకుంటాను."

అతను ఆమెని తిట్టలేదు. అంతకన్నా చెడ్డగా నవ్వాడు. రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్ కూతురు కాన్సులేట్ గురించి తనకి పాఠం చెబుతోందన్నాడు. ఆమె కవరు మడిచి బయటికొచ్చింది. ల్యాబ్‌కొచ్చి అదే మాట ఈమెయిల్లో రాసి, రాయపూర్ హెడ్డాఫీసుకి కూడా పంపింది. విచారణ లేదని రాసింది. సెలవు మంజూరైందని ఉత్తర్వు చూపింది. తప్పు వాక్యం తీసేసి సెలవు తేదీలు చేర్చమని అడిగింది. పొజ్జా పేరు గానీ, అతనడిగిన ముక్క గానీ అందులో ఎత్తలేదు. ఎత్తితే లేఖ సంగతి పక్కకి పోయి తగవే మిగులుతుందని ఆమెకి తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నం కొత్త లేఖ వచ్చింది. హెడ్డాఫీసు ఏమందో ఆమెకి ఎవరూ చెప్పలేదు. విచారణ వాక్యం పోయింది, సెలవు తేదీలు వచ్చాయి. తిరిగి విధుల్లో చేరుతుందన్న మాట మాత్రం శ్రీరంగం రాయలేదు. పట్టుబట్టి కూర్చుంటే, సోమవారానికి వీసా కేంద్రం చేరడానికి ఆ సాయంత్రం ఎక్కాల్సిన రాయపూర్ బస్సు తప్పిపోతుంది. ఆమె సెలవు ఉత్తర్వు మళ్లీ చదివింది. అందులో విధుల్లో చేరవలసిన తేదీ ఇన్‌ఛార్జి సంతకంతో ఉంది. రెంటినీ కలిపి గుచ్చి, ఆ తేదీ ఉత్తర్వులో ఉందని కవరింగ్ లెటర్‌లో తనే ఒక వాక్యం రాసుకుని బస్సెక్కింది.

వీసా వచ్చింది, అడిగినన్ని రోజులకీ కాదు, సెలవున్నన్నాళ్లకే. ఆమె వెళ్లింది. చెల్లెలికి వండిపెట్టింది, పాపకి జడలేసింది, అర్థం కాని వీధుల్లో కూరగాయలు కొనుక్కుంది. చిన్నమ్మి కర్ర సాయంతో నాలుగడుగులు వేసిన రోజున వంటింట్లోకెళ్లి ఒంటరిగా ఏడ్చింది.

తిరిగొచ్చేసరికి ల్యాబ్‌లో ఆమె కుర్చీలో వేరెవరో ఉన్నారు. ఆమెని కొండ మీద రాయి పొడిచేసే క్రషర్ దగ్గరికి బదిలీ చేశారు. అక్కడ దుమ్ము ముక్కులోంచి పోయేది కాదు, దగ్గితే కళ్లె కూడా దుమ్ము రంగులో ఎర్రగా వచ్చేది. హిడ్మే ఆదివారాలు చేపల కూర తెచ్చిపెట్టి, కాసేపు కూర్చుని వెళ్లేది. దేవుడమ్మ బదిలీ మీద అభ్యంతరం రాసి పెట్టింది. దానికి జవాబు రాలేదు.

చలికాలంలో పొజ్జా ప్రమాదం కేసు విచారణ జరిగింది. విచారణాధికారి ఎదుట కంపెనీ తరఫున శ్రీరంగం కూర్చున్నాడు. ఆమె లోపలికి రాగానే ఫైలు మీంచి తలెత్తి, పరిచయమే లేని మనిషిని చూసినట్టు చూశాడు. అధికారి అడిగాడు, ఆ రోజు జాలీ ఉందా అని.

"లేదండీ," అంది దేవుడమ్మ. "నేను నాలుగు గజాల దూరంలో ఉన్నాను."

గోడవార బెంచీ మీద పొజ్జా, అతని పెళ్లాం సన్నే కూర్చుని ఉన్నారు. పొజ్జాకి హిందీ సరిగ్గా రాదు. అధికారి గుమస్తా ఆ మాటని రాసుకుని హిందీలో చదువుతుంటే, సన్నే అర్థమైనంత మేరకి మొగుడి చెవిలో గోండీలో చెబుతోంది.