ఎలూనెడ్ అత్త కింది స్వరం

మతాన్ని మనస్తత్వశాస్త్రం ఎలా చూస్తుందో చెప్పే పాఠానికి మా లెక్చరర్ రోద్రి గారు వచ్చే ఏటి ప్రణాళిక తయారుచేస్తున్నారు. ఒక వారం మతపరివర్తన, మరో వారం కష్టంలో మతాన్ని పట్టుకుని మనిషి నిలబడే తీరు. దేవుడున్నాడా లేడా అన్నది మన పని కాదని, నమ్మకం మనిషిలో ఏం చేస్తుందో చూడటమే పని అని ఆయన మాటిమాటికీ చెబుతారు. ఆ రెండో వారానికి ఆయన రాసిన ప్రశ్నలకి 'లేదు, కొంచెం, చాలా' అని జవాబు గళ్లున్నాయి; అవి సరిగ్గా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి విద్యార్థులని తలా ఒకరిని అడిగి రమ్మన్నారు. పిల్లలు పెద్దయ్యాక కాలేజీలో చేరిన నేను మా ఆయన మేనత్త ఎలూనెడ్ దగ్గరికి వెళ్లాను.

కొడుకు ఇవాన్ సముద్రంలో పోయినప్పటి నుంచి అత్త మా ఊరి చిన్న చర్చికి, చాపెల్‌కి, వస్తుంది, కానీ పాడదు. మా దగ్గర కీర్తనని అందరూ పైనుంచి కిందిదాకా నాలుగు స్వరాల్లో ఒకేసారి పాడతారు. కింది స్వరం ఆమెది. పక్కవాళ్లు గొంతు పెంచి ఆ లోటు పూడ్చలేదు. అలాగే వదిలేశారు.

దేవుడు విడిచిపెట్టాడనిపించిందా అంటే, చాలా అంది. దేవుడి మీద కోపం వచ్చిందా అంటే, "చాలా. ఇంతకన్నా పెద్ద గడి లేదా?" అంది, ఎండుద్రాక్షల రొట్టె కోస్తూ.

"అయితే నమ్మకం పోయినట్టేనా, అత్తా?"

"పోతే నేను పోట్లాడేది ఎవరితో, పిల్లా?"

ఆమె అనుమతితో జవాబులు రోద్రి గారికి చూపించాను. ప్రణాళికలో ఆ జవాబులన్నీ 'హానికరం' కింద ఉన్నాయి. అలాంటివాళ్ల గురించి పాస్టరుకి చెప్పాలని కూడా ఉంది. చెబితే అత్త ఇక చాపెల్ గడప తొక్కదని నాకు తెలుసు. పోట్లాట గురించి ఆమె అన్న మాట ఆయనకి చెప్పాను.

ఆ పోరాటం ఏళ్లతరబడి సాగితే మనిషిని తినేస్తుందని, కొందరిలో అదే ఎదుగుదలకి దారితీస్తుందని, ఒక్కసారి అడిగితే అత్తది ఏ దారో తేలదని చివరికి ఆయన ఒప్పుకున్నారు. పాస్టరు మాట పక్కనపెట్టి, వసంతంలో మళ్లీ అడగమన్నారు.

వసంతం రాకముందే ఒక ఆదివారం, ఆయన చాపెల్‌కి వచ్చి నాకూ అత్తకీ వెనక బల్ల మీద కూర్చున్నారు. రెండో చరణంలో నా పక్క నుంచి ఒక బొంగురు గొంతు కిందికి దిగింది. ఎవరూ తల తిప్పలేదు. కానీ చుట్టూ ఉన్న స్వరాలన్నీ ఒక్కసారిగా తగ్గి దానికి చోటిచ్చాయి.

బయటికొచ్చాక, ఎప్పుడు మారావని అత్తని అడిగాను.

"తెలీదు. నా గొంతు నాకు వినబడ్డాకే తెలిసింది."

"కోపం?"

"ఉంది. పాటకి అడ్డం రాలేదు."

రోద్రి గారు ప్రణాళికలో 'హానికరం' కొట్టేసి 'పోరాటం, మళ్లీ అడగాలి' అని రాశారు. పరివర్తన వారం మెరుపు తగిలినట్టు ఒక్కసారిగా మారినవాళ్ల కథలతో మొదలయ్యేది. దాని ముందు, ఎప్పుడు మారారో తమకే తెలియనివాళ్లని చేర్చారు. మనిషి ఉన్న మతంలోనే ఉండి మారడాన్ని కూడా.

తర్వాత పెన్ను మూసి, ఆ చరణం ఇంకోసారి పాడమని అత్తని అడగొచ్చా అని మెల్లగా అడిగారు. అది ప్రణాళిక కోసం కాదు.